చుడీదార్ కొలతలు: నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి

కొత్త డ్రెస్సు అద్దం ముందు బాగానే ఉంటుంది. స్కూటీ ఎక్కినప్పుడో, పెళ్ళి భోజనానికి కింద కూర్చున్నప్పుడో సీటు దగ్గర పట్టేస్తుంది, మోకాలి మీద బట్ట బిర్రుగా లాగుతుంది, సైడ్ ఓపెన్ మొదట్లో కుట్టు పిగులుతుంది. చాలాసార్లు ఇందులో కుట్టినవాళ్ళ తప్పేమీ ఉండదు. కొలతలన్నీ నిలబెట్టి తీసి ఉంటారు, అంతే. కూర్చుంటే సీటు వెడల్పవుతుంది, మోకాలు మడిస్తే దాని చుట్టుకొలత పెరుగుతుంది. అందుకే ఈ రెండు చోట్లా రెండేసి కొలతలు తీయాలి.

ఇక్కడ చెప్పేది ఎక్కువమంది వేసుకునే రకం గురించి: పక్కల ఓపెన్ ఉన్న టాపు, కింద మడతలు పడే క్రాస్ కటింగ్ చుడీదార్ ప్యాంటు, సాగని కాటన్ బట్ట. లెగ్గింగ్‌కూ, సాగే లైక్రా బట్టకూ ఈ లెక్కలు పనికిరావు. వదులు సల్వార్‌కైతే ప్యాంటు పొడవు, కింది బాటమ్ వెడల్పు, ఆసనం లోతు తీసుకుంటే చాలు. పిక్క, మోకాలు పట్టించుకోనక్కర్లేదు.

టేపు పట్టే ముందు

టేపు పాతదైతే ముందు దాన్ని స్కేలు పక్కన పెట్టి చూడండి. గుడ్డ టేపు ఏళ్ళ తరబడి లాగి లాగి సాగుతుంది. సాగిన టేపు అసలు కొలత కంటే తక్కువ అంకె చూపిస్తుంది, బట్ట బిగువుగా వస్తుంది.

లోపల ఏం వేసుకుంటారో అదే వేసుకుని, పైన పల్చటి టాపు, కింద లెగ్గింగ్ ఉంటే కొలతలు సరిగ్గా వస్తాయి. నైటీ మీదా, కుచ్చిళ్ళ సల్వార్ మీదా తీస్తే సీటు దగ్గర ఒకటిన్నర అంగుళం దాకా తేడా రావచ్చు. నడుముకు ఒక బొందు కట్టండి. ప్యాంటు బొందు రోజూ ఎక్కడ కడతారో అక్కడే కట్టాలి, కింది కొలతలన్నీ దాని నుంచే మొదలవుతాయి. ఎవరి కొలతలు వాళ్ళు తీసుకుంటే చేయి ఎత్తేసరికి భుజం, టాపు పొడవు మారిపోతాయి. పక్కన ఇంకొకరు ఉండాలి.

కాగితం మీద రెండు వరుసలు గీసుకోండి. ఒకటి ఒంటి కొలత, రెండోది బట్ట కొలత. ఒంటి కొలత తీసేటప్పుడు టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు, లోపల వేళ్ళు పెట్టకూడదు. లూజు ఎంతన్నది రెండో వరుసలోనే కలపాలి. మనవైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. ఇంట్లో రెండు వేళ్ళు పెట్టి కొలిచి అంకె రాసిస్తారు. అది ఒంటి కొలత అనుకుని టైలరు దానికి మళ్ళీ మూడు అంగుళాలు కలుపుతాడు. డ్రెస్సు గోనెసంచిలా వస్తుంది. తర్వాతిసారి "లూజు తగ్గించు" అంటే అతను అసలు లూజే తీసేస్తాడు, అప్పుడు పట్టేస్తుంది. అందుకే అంకె పక్కన అది ఒంటిదా బట్టదా అని రాసి ఇవ్వండి. ఆది డ్రెస్సు ఇచ్చినా ఇంతే, దాని మీద తీసేది బట్ట కొలత. దానికి ఇంకేమీ కలపకూడదు.

టాపు పొడవు

మెడ పక్కన, భుజం కుట్టు మెడను తాకే చోట టేపు మొదలుపెట్టాలి. భుజం చివర నుంచి కాదు. భుజం వాలుగా ఉంటుంది కాబట్టి చివర నుంచి తీస్తే అంగుళంన్నర, ఒక్కోసారి రెండు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. అక్కణ్నుంచి టేపును ఛాతీ ఎత్తు మీదుగా తిన్నగా కిందికి వదలండి. ఛాతీని తప్పించి పక్కనుంచి దించితే, కుట్టాక ముందు భాగం వెనక కంటే పైకి లేస్తుంది.

టేపు దించేటప్పుడే ఆగకుండా మూడు అంకెలు చదివి రాసుకోండి: నడుము దగ్గర ఎంత, సీటు దగ్గర ఎంత, మోకాలి చిప్ప మధ్యకు ఎంత. ఐదడుగుల మూడు అంగుళాల ఆమెకు ఇవి 15, 22, 37 అంగుళాల చుట్టుపక్కల వస్తాయి. నడుము షేపు, సైడ్ ఓపెన్, మొత్తం పొడవు, మూడూ వీటి మీదే ఆధారపడతాయి.

పొడవు ఎక్కడ ఆపాలన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. అయినా చుడీదార్ మీదికైతే మోకాలు దాటి రెండు మూడు అంగుళాలు కిందికి రావడం మేలు. మోకాలి దగ్గర ప్యాంటు బట్ట ఎంతోకొంత ముడత పడుతుంది, టాపు దాన్ని కప్పేస్తుంది. సరిగ్గా పిక్క లావుగా ఉన్న చోట అంచు ఆగితే కాలు ఇంకా లావుగా కనిపిస్తుంది. అంతకంటే పైన ఆపండి, లేదా బాగా కిందికి దించండి. పొడవు చూసేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులు వేసుకుని చూడాలి.

ఇక కోత లెక్క. తయారయ్యాక 40 అంగుళాలు కావాలంటే భుజం కుట్టుకు అర అంగుళం, కింది మడతకు అంగుళంన్నర కలిపి 42 దగ్గర కోయాలి. ఇది తడిపి ఆరబెట్టిన బట్టకు. తడపని చేనేత కాటన్ మొదటి ఉతుకులో గజానికి అంగుళం పైనే కుంచించుకుపోవచ్చు. ఆ లెక్కన 40 అంగుళాల టాపు 39 కంటే కిందికి దిగుతుంది. ఎమ్మిగనూరు నుంచి తెచ్చినా, మాధవరం నేత అయినా ఒక రాత్రి మామూలు నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి టైలరుకు ఇవ్వండి. టాపుకు తగిలించే లైనింగునూ అలాగే తడపాలి. లైనింగ్ ఒక్కటే కుంచించుకుంటే పైబట్ట కింద సంచిలా వేలాడుతుంది.

పొట్ట ముందుకున్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త ఉంది. పొట్ట మీదుగా బట్ట చుట్టి దిగాలి కాబట్టి ముందు పొడవు వెనక కంటే ఎక్కువ కావాలి. ముందు కొలత పొట్ట మీదుగా, వెనక కొలత వెన్ను మీదుగా విడివిడిగా తీసి, రెండూ నేల నుంచి ఒకే ఎత్తులో ముగిసేలా చూసుకోండి. ఆ తేడా ముక్కాలు అంగుళమైనా వస్తే టైలరుకు చెప్పాలి.

సీటు దగ్గర లూజు

సీటు అంటే వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు. నడుము కింద ఏడు నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉంటుంది. టేపు చుట్టి పైకీ కిందికీ జరిపి, ఎక్కడ అంకె ఎక్కువ వస్తే అక్కడ ఆపండి. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడాలి. టేపు వెనక వైపు జారిపోకుండా చుట్టూ ఒకే మట్టంగా ఉందా అని పక్కనున్నవాళ్ళు చూడాలి. కొందరికి సీటు కంటే కింద, తొడల మొదట్లో లావు ఎక్కువ. వాళ్ళకు ఆ అంకే సీటు కొలత.

ఇప్పుడు గట్టి కుర్చీ మీద తిన్నగా కూర్చోబెట్టి అదే చోట మళ్ళీ కొలవండి. మామూలుగా రెండు అంగుళాలు పెరుగుతుంది. కొందరికి ఒకటే, కొందరికి మూడు. ఈ పెరుగుదల మనిషి మనిషికీ వేరు కాబట్టే "సీటుకు మూడు కలుపు" అనే ఒకే లెక్క అందరికీ కుదరదు.

లూజు ఎంత పెట్టాలన్నది సైడ్ ఓపెన్ ఎక్కడ మొదలవుతుందో చూసి తేల్చాలి. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్ళు తక్కువ. ఓపెన్ సీటు గీత కంటే ఒకటి రెండు అంగుళాలు పైనే మొదలైతే, కూర్చున్నప్పుడు ముందు వెనక ముక్కలు విడిపోయి చోటిస్తాయి. అప్పుడు నిలబడిన కొలతకు రెండు మూడు అంగుళాలు కలిపితే చాలు. ఓపెన్ సీటు గీత దాటి కింద మొదలైతే సీటంతా మూసిన గొట్టంలో ఉంటుంది, కూర్చున్న కొలత కంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. రెండూ దాదాపు ఒకే గీత మీదుంటే నిలబడిన కొలతకు మూడు కలిపి ఒక అంకె, కూర్చున్న కొలతకు ఒకటి కలిపి ఒక అంకె చూసి, పెద్దది తీసుకోండి.

ఓపెన్ పైనే ఉంది కదా అని లూజు పూర్తిగా తీసేయకూడదు. సీటు చుట్టూ బట్ట చాలకపోతే నిలబడ్డప్పుడు కూడా ఓపెన్ రెండు వైపులా విచ్చుకుని లోపలి ప్యాంటు కనిపిస్తుంది. ఓపెన్ ఎక్కువ పైకి పోయినా గాలికి, బస్సు మెట్లెక్కేటప్పుడు ఇబ్బందే. సీటు గీతకు అంగుళం పైన మొదలుపెట్టడం ఎక్కువమందికి కుదురుతుంది.

పాత ధర్మవరం పట్టుచీరతో టాపు కుట్టించుకునేవాళ్ళు సీటుకు ఇంకో అంగుళం అదనంగా పెట్టించుకోవాలి. పట్టు సాగదు. పైగా బిగువు పడితే దారం తెగకముందే కుట్టు పక్కన పోగులు జారి సందులు పడతాయి, అలా జారిన పట్టును మళ్ళీ బాగుచేయలేం. అలాంటి టాపుకు లైనింగ్‌ను పైబట్ట కంటే కొంచెం బిగువుగా కుట్టిస్తే బరువు లైనింగ్ మీద పడి పట్టు నిలుస్తుంది.

పైభాగం గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాం. ఛాతీకి రెండున్నర నుంచి మూడు, నడుముకు మూడు నుంచి నాలుగు అంగుళాల లూజు కాటన్‌కు సరిపోతుంది. నడుము దగ్గర బాగా నొక్కించుకుంటే, కూర్చుని లేచినప్పుడు పైకి పోయిన టాపు సీటు మీదికి తిరిగి జారదు. దాన్ని చూసి సీటే బిగువనుకుంటారు.

చుడీదార్ ప్యాంటు ఎంత బిర్రుగా ఉండాలి

కాలికి అతుక్కోవాలి, కాలిని పట్టుకోకూడదు. సాగని కాటన్‌తో ఇది సాధ్యమయ్యేది బట్టను ఏటవాలుగా, క్రాస్‌లో కోయడం వల్లే. నిలువు పోగు, అడ్డ పోగు రెండూ కాలికి మూలగా తిరిగితే బట్ట కొంచెం సాగి మళ్ళీ దగ్గరపడుతుంది. అందుకే బట్టను ముందు సంచిలా కుట్టి, దాని మీద క్రాస్‌గా కోస్తారు. ఇలా కోస్తే బట్ట ఎక్కువ పడుతుంది. 44 అంగుళాల పన్నా ఉంటే రెండున్నర మీటర్లు పెట్టుకోండి. సెట్టులో వచ్చే 2 మీటర్ల బాటమ్ బిట్టు పొడుగ్గా, లావుగా ఉన్నవాళ్ళకు చాలదు. చాలనప్పుడు కొందరు అడగకుండానే నిలువుగా కోసేస్తారు. దాన్ని కనిపెట్టడం తేలిక: మోకాలి దగ్గర పోగు చూడండి, కాలి వెంట నిలువుగా దిగుతుంటే అది క్రాస్ కాదు. ఈ కింది కొలతలు దానికి బిగువైపోతాయి.

మోకాలు: నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని మోకాలు పూర్తిగా మడిచి చిప్ప మీదుగా ఒకసారి కొలవండి. నిలబడితే 15 ఉన్నది మడిస్తే 16న్నర వరకు పోతుంది. క్రాస్ బట్టకు మడిచిన అంకే బట్ట కొలత, ఇంకేమీ కలపనక్కర్లేదు. నేల మీద బాసింపట్టు వేసి ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు అర అంగుళం కలుపుకోవచ్చు. బొందు నుంచి మోకాలి దాకా పొడవు కూడా తప్పక రాయండి. మోకాలి వెడల్పు సరైనదే అయినా అది రెండు అంగుళాలు కిందికి పడితే ఫలితం ఉండదు.

పిక్క: లావుగా ఉన్న చోట, బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఉంచి కొలిచి, అర అంగుళం కలపండి. కర్నూలు, కడప ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో వేసుకునేదైతే ముక్కాలు నుంచి అంగుళం పెట్టించండి. చెమటకు తడిసిన కాటన్ పిక్కకు అంటుకుని జారదు. పిక్క బిగువైతే కనిపించే గుర్తు వేరే చోట ఉంటుంది: కూర్చున్నప్పుడు పైకి పోయిన మడతలు నిలబడ్డాక కిందికి దిగవు, పిక్క కిందే చిక్కుకుపోతాయి. పిక్క ఎక్కువ వదులైతే మడతలన్నీ జారి మడమ మీద కుప్పగా పడతాయి.

పాదం: చీలమండ కొలత ఇక్కడ పనికిరాదు, పాదం దూరాలి కదా. కాలి వేళ్ళు ముందుకు సాచి, మడమ వెనక నుంచి పాదం పైభాగం మీదుగా టేపు మూలగా చుట్టండి. అది 12 వస్తే, క్రాస్ బట్టకు కింది బాటమ్ 11 పెట్టవచ్చు, సాగి దూరుతుంది. అంతకంటే తగ్గిస్తే బట్ట సాగినా మడత కుట్టు సాగదు, రెండు మూడు రోజుల్లో పటుక్కుమంటుంది. చీలమండను ఇంకా దగ్గరగా పట్టాలనుకుంటే 10 పెట్టి, లోపలి కుట్టు కింద మూడు అంగుళాలు కుట్టకుండా వదిలి హుక్కులు పెట్టించుకోండి.

పొడవు: బొందు దగ్గర నుంచి నేల దాకా చెప్పులు లేకుండా కొలిచి, మడతల కోసం ఐదు అంగుళాలు కలపండి. పల్చటి బట్టకు ఆరు, మందమైతే నాలుగు. బాగా పొట్టిగా ఉన్నవాళ్ళకు మడతలు ఎక్కువైతే కాలు ఇంకా పొట్టిగా కనిపిస్తుంది, నాలుగే చాలు. ఈ అదనపు పొడవంతా పిక్క కిందే రావాలి, కాబట్టి పిక్క నుంచి బాటమ్ దాకా వెడల్పు మెల్లగా తగ్గాలి. పిక్క దాటగానే ఒక్కసారిగా సన్నం చేస్తే మడతలు ఏర్పడే చోటే ఉండదు.

ఆసనం లోతుకు కుర్చీలో కూర్చుని, పక్కన బొందు నుంచి కుర్చీ పలక దాకా కొలిచి రెండు అంగుళాలు కలపండి. ఇది తక్కువైతే మోకాలు వంచిన ప్రతిసారీ బొందు కిందికి లాగుతుంది.

ఒక చీటీ, అంకెలతో

కడపలో రోజూ స్కూటీ మీద ఆఫీసుకు పోయే ఒకామెను అనుకుందాం. ఎత్తు ఐదడుగుల మూడు అంగుళాలు, సీటు నిలబడితే 40, కూర్చుంటే 42న్నర. ఓపెన్ సీటు గీత దగ్గరే కావాలంటోంది. నిలబడిన దానికి మూడు కలిపితే 43, కూర్చున్న దానికి ఒకటి కలిపితే 43న్నర. పెద్దది 43న్నర, అదే బట్ట కొలత. నాలుగు మడతల మీద కోసేటప్పుడు మడతకు 10 అంగుళాల ఏడు గీతలు, అంటే దాదాపు 11. దాని మీద కుట్టుకు అంగుళంన్నర వదిలిస్తే, రేపు ఒళ్ళు చేసినా అంచుకు అర అంగుళం విప్పి మొత్తం రెండు అంగుళాలు పెంచుకోవచ్చు.

టైలరు చేతికిచ్చే చీటీ ఇలా ఉంటుంది, అన్నీ తయారైన బట్ట కొలతలు:

టాపు పొడవు 40. సీటు 43½, భుజం నుంచి 22 దగ్గర. ఓపెన్ 22 నుంచి.
ప్యాంటు: నేల దాకా 39, మడతలకు 5, మొత్తం 44. మోకాలు 16½. పిక్క 14 ఉంటే 14¾. బాటమ్ 11. క్రాస్ కటింగ్.

నోటితో చెప్పేది ఒక్క మాట చాలు: "అన్నా, ఇవి బట్ట కొలతలు, వీటి మీద ఏం కలపొద్దు. కూర్చుంటే సీటు పట్టకుండా రావాల." బొందు పట్టీకీ, కింది మడతకూ కావలసిన బట్ట అతనే కలుపుకుంటాడు. ప్యాంటు 44 అన్నది వాటిని మినహాయించిన అంకె.

ట్రయల్ వేసి చూసేటప్పుడు

పక్క కుట్లు ఒక వరుస మీద, పెద్ద కుట్టుతో ఉన్నప్పుడే వేసి చూడటం మంచిది. ముందు నిలబడి ఓపెన్ చూడండి. తిరగేసిన వి ఆకారంలో విచ్చుకుంటే సీటు చాలలేదు, మూసుకుని తిన్నగా వేలాడితే సరిపోయింది. సీటు మీద అడ్డంగా ముడతలు పడి టాపు నడుము వైపు ఎక్కుతుంటే అదీ బిగువే. పక్కన నిలువుగా మడత వచ్చి వేళ్ళతో రెండు అంగుళాలు పట్టుకోగలిగితే లూజు ఎక్కువైంది. టాపు అంచు మట్టం చూడాలంటే స్కేలు నేల మీద నిలబెట్టి ముందు, వెనక, రెండు పక్కలా ఎత్తు చదవండి.

తర్వాత నేల మీద కూర్చోండి, గొంతు కూర్చోండి, కాలు ఎత్తి ఎత్తైన మెట్టు మీద పెట్టండి. మోకాలి మీద బట్ట తెల్లగా మెరిసేలా లాగితే అక్కడ అర అంగుళం విప్పించాలి. పిక్క పక్కన బట్టను రెండు వేళ్ళతో గిల్లితే పావు అంగుళం మడత చేతికి రావాలి. ఏమీ రాకపోతే బిగువు, అర అంగుళం దాటి వస్తే వదులు. కాలి లోపలి కుట్టు నడిచేకొద్దీ ముందుకు తిరిగి ముంగాలి మీదికి వస్తుంటే అది బిగువు వల్ల కాదు, రెండు కాళ్ళ ముక్కలూ ఒకే ఏటవాలులో కోయకపోవడం వల్ల. దాన్ని కుట్టు విప్పి సరిచేయలేరు, ఆ కాలు మళ్ళీ కోయాల్సిందే. అందుకే ట్రయల్‌లో పది అడుగులు నడిచి చూడందే ప్యాంటు ఇంటికి తెచ్చుకోవద్దు.